బరువు లేని వైపు

మంగళవారం పొద్దున ఫోర్‌మన్ నన్ను షెడ్డు కుడి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, నేల మీద మోకాలు మోపి, తన చిటికెన వేలు ఒక సందులో దూర్చి చూపించాడు. మధ్య కమాను కుడి కాలు నిలబడిన కాంక్రీటు దిమ్మెకూ, షెడ్డు గచ్చుకూ మధ్య సందు అది. ముందురోజు సాయంత్రం నేను ఇంటికి బయలుదేరేటప్పుడు అక్కడ గోటికి తగిలే గీత కూడా లేదు. టేపు పెట్టి కొలిచాను. దిమ్మె బయటివైపుకి పన్నెండు మిల్లీమీటర్లు జరిగింది.

"బరువు వేలాడేది ఎడమ పక్కన. జరిగింది కుడి పక్కది," అన్నాడు ఫోర్‌మన్, వేలు తుడుచుకుంటూ. "ఎడమ దిమ్మెలు కట్టింది మా మేస్త్రీ. కుడి దిమ్మెలు కట్టింది మీ బాబాయి. నేనేమీ అనడం లేదమ్మా."

అనాల్సినదంతా అనేశాక అలా అనడం ఆయనకు అలవాటు. కూలీలు ఆయన్ని చాటుగా భూతద్దం అని పిలిచేవారు. టీలో పంచదార తగ్గినా ఎవరు తిన్నారో కనిపెట్టే మనిషని చెప్పుకునేవారు. కానీ ఆ రోజు నాకూ అదే అనుమానం వచ్చింది.

మాది పెద్ద పెద్ద మోటార్లు బాగుచేసే వర్క్‌షాపు. షెడ్డు ఇరవై మీటర్ల వెడల్పు. నడుమ స్తంభాలేవీ ఉండకూడదని దాన్ని ఇనప కమానుల మీద నిలబెట్టారు. ఒక్కో కమాను రెండు సగాలు. రెండు సగాలూ పైన నడినెత్తిన ఒక పిన్నుతో కలుస్తాయి. కింద రెండు కాళ్ళ దగ్గరా రెండు పిన్నులు. మొత్తం మూడు కీళ్ళు. కాళ్ళ పిన్నుల నుంచి నడినెత్తి పిన్ను వరకూ ఎత్తు నాలుగు మీటర్లు. ఏడాది కిందట కట్టినప్పటి నుంచి దాని మీద రేకుల బరువు తప్ప ఇంకేమీ పడలేదు. సోమవారం మొదటిసారి మధ్య కమానుకి చైన్ కప్పీ తగిలించి నాలుగు టన్నుల మోటారును ఎత్తారు. కప్పీ ఎడమ కాలి నుంచి అయిదు మీటర్ల దూరంలో ఉంది. మోటారు కింద పెట్టాల్సిన ఇనప పీఠానికి వెల్డింగ్ పూర్తి కాలేదు. అందుకని దాన్ని అలాగే వేలాడదీసి వెళ్ళారు.

వేలాడదీయవచ్చని కాగితం మీద సంతకం పెట్టింది నేను.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. నాన్న, బాబాయి ఇద్దరూ తాపీ పనివాళ్ళే. నాన్న నడుం పట్టేసి పని మానేశాక నా ఫీజుల సంగతి, పుస్తకాల సంగతి బాబాయి చూసుకున్నాడు. ఈ వర్క్‌షాపులో నాకు ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు షెడ్డు పని మొదలైంది. కుడి వైపు దిమ్మెలకు మేస్త్రీ కావాలన్నప్పుడు బాబాయి పేరు చెప్పింది నేనే. ఇప్పుడు పక్కనే రెండో షెడ్డు కట్టబోతున్నారు. దాని పునాదులు మొత్తం బాబాయికే ఇస్తానని యజమాని పోయిన వారం మాట ఇచ్చారు. దిమ్మె కదిలిందన్న మాట ఆయన చెవిన పడితే ఆ మాట నిలవదు. పునాది కదిలిన మేస్త్రీ అని ఒకసారి పేరు పడ్డాక ఇంకెవరూ ఇంటికి వచ్చి పిలవరు.

యజమాని వచ్చే లోపల నేను బాబాయిని పక్కకి పిలిచాను. ఆయన వెనక గోడకు సిమెంటు పూస్తున్నాడు. తాపీ బకెట్లో వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. నేను దిమ్మె సంగతి చెప్పలేదు. నేరుగా అడిగాను.

"బాబాయ్, నిజం చెప్పు. మధ్య దిమ్మె ఎంత లోతు వేశావు?"

ఆయన నా మొహం చూశాడు. "నువ్వు గీసిచ్చినంత," అన్నాడు.

"మీటరుపావు?"

"నువ్వు గీసింది మీటరుపావైతే మీటరుపావే."

ఈ జవాబు నాకు నచ్చలేదు. లోతు తెలిసిన మనిషి లోతు చెబుతాడు, కాగితం వైపు చూపించడు అనిపించింది. పైగా ఆయన నాతో మాట్లాడుతూనే రెండుసార్లు బయటి గోడ వైపు తిరిగి చూశాడు. దిమ్మెలు కట్టిన రోజుల్లో వర్షాలు పడి గోతుల్లో నీళ్ళు నిలిచిన సంగతి గుర్తొచ్చింది. మధ్య దిమ్మెకు కాంక్రీటు వేసిన రోజు నేను సైటులో లేను, ఏదో సామాను తేవడానికి వెళ్ళాను. ఆ సంగతి కూడా గుర్తొచ్చింది. అనుమానం అంటూ వచ్చాక దానికి కావలసినవన్నీ అదే ఏరుకొస్తుంది. వేసవిలో ఆయన నాకు ఇప్పించిన కొత్త చెప్పులకు డబ్బు ఎక్కడిదన్న దాకా వెళ్ళింది నా ఆలోచన. సిగ్గుపడి అక్కడ ఆగాను.

యజమాని పది గంటలకు వచ్చారు. ఫోర్‌మన్ ఆయనకు సందు చూపించాడు, పై పిన్ను కూడా ఒకటిన్నర సెంటీమీటరు దిగిందని చెప్పాడు. యజమాని గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చప్పుడు చేయకుండా కోప్పడతారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే, కుడి కాలి మీద ఎంత బరువు పడిందని. నాలుగు టన్నుల్లో మూడు ఎడమకు, ఒకటి కుడికి అని చెప్పాను. లెక్క సరైనదే. బరువుకు దగ్గరగా ఉన్న కాలు ముప్పావు వంతు మోస్తుంది, దూరంగా ఉన్నది పావు వంతు మోస్తుంది.

"మూడు టన్నులు మోసిన దిమ్మె కదల్లేదు, ఒక టన్ను మోసింది కదిలింది," అన్నారాయన. అక్కడున్న అందరూ నా వైపు కాక బాబాయి పూస్తున్న గోడ వైపు చూశారు.

దిమ్మె ఎంత లోతుందో తవ్వి చూద్దామని ఫోర్‌మన్ అన్నాడు. బయటి వైపు నుంచి తవ్వితే గచ్చు పగలగొట్టే పని ఉండదని కూడా చెప్పాడు. యజమాని తల ఊపారు. ఇద్దరు కూలీలు పలుగు, పార తీసుకుని గోడ చుట్టూ తిరిగి బయటికి వెళ్ళారు. మేమూ వెళ్ళాం.

బాబాయి అప్పటికే అక్కడ ఉన్నాడు. దిమ్మెకు ఆనుకుని ఉన్న మట్టి మీద నిలబడ్డాడు. ఆయన కాళ్ళ ముందు నేల బారెడు పొడవున సన్నగా వెన్నులా ఉబ్బి, నెర్రె విచ్చి ఉంది.

"ఇటు తవ్వకండి," అన్నాడు.

ఎందుకని ఫోర్‌మన్ అడిగాడు. మట్టి మోస్తోందని బాబాయి చెప్పాడు. ఫోర్‌మన్‌కి నవ్వొచ్చింది. "మట్టి కింద ఉంటే మోస్తుంది గానీ మేస్త్రీ, పక్కనుంటే మోస్తుందా? నువ్వు చెప్పేది ఎట్లా ఉందంటే, గోడకు చేరగిలబడ్డవాణ్ణి గోడ ఎత్తుకుందన్నట్టుంది."

కూలీలు కూడా నవ్వారు. బాబాయి నవ్వలేదు, కదల్లేదు. "లోపలి నుంచి గచ్చు పగలగొట్టి తవ్వుకోండి. ఎంత లోతు కావాలంటే అంత తవ్వుకోండి. బయట మాత్రం వద్దు," అన్నాడు.

యజమాని నా వైపు తిరిగారు. మీ బాబాయికి నచ్చజెప్పమని ఆ చూపుకి అర్థం. ఆ క్షణంలో నాకు బాబాయి మీద కోపమే వచ్చింది. నా పరువు కూడా ఆ మట్టిలోనే పాతేస్తున్నాడనుకున్నాను. ఒక పావుగంట టైమివ్వండి, కాగితాలు చూసుకుని వస్తాను అని చెప్పి ఆఫీసు గదికి వచ్చేశాను. నిజానికి కాగితాల్లో చూసుకోవడానికి ఏమీ లేదు. నలుగురి ముందు ఆయన్ని పక్కకి తప్పుకోమనడానికి నోరు రాక వచ్చేశాను.

కుర్చీలో కూర్చున్నాక ఆయన అన్న మాట మళ్ళీ చెవిలో పడింది. లోపల తవ్వుకోండి, బయట వద్దు. లోతు తక్కువ వేసి దాచిపెట్టే మనిషైతే ఆ మాట ఎందుకంటాడు? దిమ్మెకు లోపలి ముఖమూ, బయటి ముఖమూ ఒకే లోతు ఉంటాయి. లోపల తవ్వినా దొంగతనం బయటపడుతుంది. అంటే ఆయన దాస్తున్నది లోతు కాదు. అసలు ఆయన దేన్నీ దాయడం లేదు, దేన్నో కాపాడుతున్నాడు.

నా లెక్క కాగితం తీశాను. ఎడమ మూడు, కుడి ఒకటి. దాని కింద వంపు లెక్క, అంటే బరువు ఇనుమును ఎంత బలంగా వంచుతుందన్న లెక్క ఉంది. నేను ఆ కమానును మామూలు దూలంలా అనుకుని లెక్క వేశాను. దూలం అనుకుంటే బరువు కింద వంపు పదిహేను టన్ను మీటర్లు వస్తుంది, కమానుకి అందులో సగమే వస్తుంది. ఎక్కువకే ఇనుము సరిపోతోంది కాబట్టి తక్కువకు తప్పకుండా సరిపోతుందని, భద్రమైన దారిలోనే వెళ్ళానని నాలో నేను మెచ్చుకున్నాను. ఇనుము విషయంలో అది నిజమే. కానీ దూలం తన కాళ్ళను పక్కలకు తన్నదు. కమాను తంతుంది. నేను ఆ తోపు లెక్కే కట్టలేదు.

కుడి సగాన్ని విడిగా గీశాను. దాని మీద ఏ బరువూ లేదు. దాన్ని తాకేవి రెండే, పై పిన్ను, కాలి పిన్ను. రెండు చోట్లే బలం తగిలే ముక్క నిలబడాలంటే ఆ రెండు బలాలూ ఒకే గీత మీద, ఎదురెదురుగా ఉండాలి. అంటే కుడి కాలి దగ్గర బలం నిట్టనిలువుగా ఉండే వీలు లేదు. కాలి పిన్ను నుంచి నడినెత్తి పిన్నుకు గీసిన ఏటవాలు గీత వెంటే ఉండాలి. ఆ గీత పది మీటర్లు పక్కకు పోతే నాలుగు మీటర్లు పైకి లేస్తుంది. నిలువుగా ఒక టన్ను ఉంటే అడ్డంగా రెండున్నర టన్నులు. ఇక కమాను మొత్తాన్ని చూస్తే అడ్డంగా ఉన్న బలాలు ఆ రెండు కాళ్ళ దగ్గరవే. కాబట్టి ఎడమ కాలి మీదా అదే రెండున్నర.

బరువు ఒక పక్కే ఉన్నా తోపు రెండు పక్కలా సమానం. తేడా ఒక్కటే. ఎడమ దిమ్మెను మూడు టన్నులు నేలకేసి అదిమి పట్టుకున్నాయి. కుడి దిమ్మెను ఒక టన్నే అదిమింది. కప్పు బరువూ, దిమ్మెల సొంత బరువూ రెండు వైపులా ఒకటే, అవి ఈ తేడాను మార్చవు. ఒకే బలంతో తోస్తే, తేలిగ్గా ఆనిన దిమ్మే ముందు జారుతుంది. జారినది బయటి మట్టిని ఒత్తి, ఆ మట్టి ఆపిన చోట ఆగింది. ఆ నేల మీద ఉబ్బిన వెన్ను అదే. నాలుగు టన్నులు ఇంకా పైన వేలాడుతుండగా ఆ మట్టినే తవ్వబోతున్నారు.

నేను పరుగెత్తలేదని చెప్పుకోవాలని ఉంది కానీ పరుగెత్తాను.

ఫోర్‌మన్ బాబాయి భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూనే పక్కకు నెడుతున్నాడు. ఒక కూలీ పలుగు ఎత్తాడు. నేను ఆ పలుగు పట్టుకున్నాను.

"ముందు మోటారు దించండి. అది నేలకు చేరేదాకా ఇక్కడ చిటికెడు మట్టి కూడా తియ్యకూడదు."

యజమాని కారణం అడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు వింటున్నారని తెలుసు. పక్కకి తీసుకెళ్ళి చెప్పవచ్చని కూడా తెలుసు. బాబాయిని అందరి ముందే అనుమానించారు కాబట్టి నేనూ అందరి ముందే చెప్పాలనుకున్నాను.

"తప్పు దిమ్మెది కాదు సార్. నా లెక్కది. కమాను కాళ్ళను పక్కకి తోస్తుందన్నది నేను వదిలేశాను."

ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు. మోటారు దించడానికి ఎవరికీ అభ్యంతరం లేదని, కానీ సొంత బాబాయి కోసం ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారని అన్నాడు. ఆ మాటలో విషం లేదు. ఆయనకు నిజంగానే అలా అనిపించింది. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకుని ఉండేదాన్ని.

మోటారును చెక్క దుంగల మీదికి దించడానికి గంట పట్టింది. తర్వాత యజమాని తన గది తలుపు వేసి, నన్నూ, ఫోర్‌మన్‌నూ ఎదురుగా నిలబెట్టారు. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదవలేదు. "నువ్వు రాసిన లెక్క నిన్నా నమ్మాను. కాగితం కాకుండా ఇంకేమైనా చూపించు," అన్నారు.

వడ్రంగి గదికి వెళ్ళి మూరెడు పొడవున్న రెండు చెక్క పలకలు, ఒక తలుపు మడతబందు తెచ్చాను. పలకల చివర్లను మడతబందుతో కలిపి, కప్పులా వంచి, నున్నటి గచ్చు మీద నిలబెట్టాను. మొదట అది దానంతటదే జారిపోయింది. కాళ్ళ కింద గరుకు కాగితం ముక్కలు అంటించాను. అప్పుడు నిలబడింది. ఎడమ పలక నడిమి మీద వేలితో నొక్కమని యజమానిని అడిగాను. ఆయన కుర్చీలోంచి దిగి, నేల మీద కూర్చుని నొక్కారు.

కుడి కాలు జారింది. ఎడమ కాలు ఉన్నచోటే ఉంది.

కుడి పలక కింద కాగితం అరిగి ఉంటుందని ఫోర్‌మన్ అన్నాడు. పలకలు అటుదిటు మార్చాను. ఆయనే వచ్చి నొక్కాడు. మళ్ళీ కుడి కాలే జారింది. గచ్చు వాలుగా ఉందేమో అన్నాడు. కుడి పలక మీద నొక్కి చూడండి అన్నాను. నొక్కాడు. ఈసారి ఎడమ కాలు జారింది. ఆయన నాలుగైదుసార్లు అటూ ఇటూ నొక్కుతూనే ఉన్నాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, కాలి కింద కాగితాన్ని దగ్గరగా చూసి, మళ్ళీ నొక్కాడు. నొక్కిన వైపుది ఒక్కసారి కూడా కదల్లేదు.

"అయితే బరువు కుడి పక్కన వేలాడదీసి ఉంటే మా మేస్త్రీ దిమ్మె జరిగేదన్నమాట," అన్నాడు చివరికి.

అవునన్నాను.

"అప్పుడు నేను ఎవర్ని అనేవాణ్ణో," అన్నాడు. పైకే అన్నాడు కానీ మాతో కాదు.

మధ్యాహ్నం లోపలి వైపు గచ్చు పగలగొట్టి తవ్వించారు. నేను వద్దనలేదు. బరువు దిగిపోయాక భయం లేదు. అనుమానం తీరాలంటే లోతు కూడా చూడాల్సిందే. టేపు ఫోర్‌మన్ పట్టుకున్నాడు. మీటరు ఇరవై ఎనిమిది. కాగితం మీద ఉన్నదానికంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ. కింద గట్టి నేల తగిలిన చోటే దిమ్మె కూర్చుంది.

యజమాని రెండో షెడ్డు పునాదులు బాబాయివేనని అక్కడే చెప్పారు. నా గురించి ఆయన నిర్ణయం కూడా అక్కడే చెప్పారు. ఏడాది పాటు నా సంతకం ఒక్కటే చాలదు, నేను వేసిన ప్రతి లెక్కా బయటి ఇంజినీరు ఒకరు చూసి రెండో సంతకం పెట్టాలి. న్యాయమే అనిపించింది. సిగ్గు కూడా వేసింది. తల ఊపాను.

ఎడమ కాలు, కుడి కాలు రెండింటినీ గచ్చు కింద నుంచి ఒక ఇనప కడ్డీతో కట్టెయ్యాలని నిర్ణయించాం. కాళ్ళు బయటికి తన్నే తోపును ఆ కడ్డీ పట్టుకుంటుంది, అప్పుడు దిమ్మెల మీద నిలువు బరువే మిగులుతుంది. ఆ కాలవ తవ్వే పని బాబాయికి ఇచ్చారు. అది పూర్తయ్యేదాకా ఏ కమానుకూ ఏదీ తగిలించకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను.

సాయంత్రం బాబాయి పనిముట్లు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. ఏం చెప్పాలో తోచక, మట్టి మోస్తోందని పొద్దున నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. తప్పు ఆయన మీదికి నెట్టినట్టుందని అడిగాక తెలిసింది.

"నువ్వు ఎంత లోతని అడిగావు. ఏం జరిగిందని అడగలేదు," అన్నాడు.

క్షమించమన్నాను. ఆయన తాపీ మీద నీళ్ళు పోసుకుంటూ ఉండిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మా ఇంట్లో కోపాలు అన్నం పెట్టుకునే వేళకు పోతాయి.

మర్నాడు పొద్దున కాలవకు ముగ్గు పోసి గీత గీశాడు. కూలీలు పలుగులు పట్టుకుని నిలబడ్డారు. నేను కడ్డీ లావు ఎంతో, ఎంత లోతున వెళ్ళాలో చెప్పాను. ఇదివరకైతే నేను నోటితో చెప్పిందే ఆయనకు చాలేది. మా అమ్మాయి ఇంజినీరు అని ఊరంతా చెప్పుకునే మనిషి. ఈసారి మాత్రం చెయ్యి చాపాడు.

"కాగితం మీద రాసివ్వమ్మా."

రాసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. లాగే బలం కడ్డీ రెండు చివర్లా ఒకటేనా అని అడిగాడు. ఒకటేనన్నాను. బరువు ఏ పక్కనున్నా? ఏ పక్కనున్నా ఒకటేనన్నాను.

"నిన్న కూడా ఇంతే గట్టిగా చెప్పావు," అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "రెండో సంతకం ఎప్పుడొస్తుంది?"

రేపు మధ్యాహ్నానికి వస్తుందని చెప్పాను. ఆయన కూలీల వైపు తిరిగి పలుగులు కింద పెట్టమన్నాడు. వెనక గోడకు పూత ఇంకా మిగిలే ఉంది, రేపటి దాకా అది చేసుకుందామని చెప్పి, నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని వెళ్ళిపోయాడు.